ఓజివ్ వక్రాన్ని అటునుంచి చదివితే

పదో తరగతిలో సాంఖ్యకశాస్త్రం పాఠం చదివిన వాళ్లంతా ఒక్కసారైనా ఓజివ్ వక్రం గీసే ఉంటారు. ఒక తరగతిలో 50 మంది పిల్లలు ఉన్నారనుకుందాం. 20 లోపు మార్కులు వచ్చినవాళ్లు నలుగురు, 20 నుంచి 40 మధ్య పదకొండు మంది, 40 నుంచి 60 మధ్య ఇరవై మంది, 60 నుంచి 80 మధ్య పది మంది, ఆపైన ఐదుగురు. వీటిని వరసగా కూడుకుంటూ పోతే 4, 15, 35, 45, 50 వస్తాయి. అవే ఆరోహణ సంచిత పౌనఃపున్యాలు. గ్రాఫు కాగితం మీద మార్కుల్ని అడ్డ అక్షం మీద, ఈ మొత్తాల్ని నిలువు అక్షం మీద తీసుకుని చుక్కలు పెట్టి కలిపితే, ఎడమ నుంచి కుడికి ఎక్కుతూ పోయే గీత వస్తుంది.

మధ్యగతం కనుక్కోమంటే ఏం చేసేవాళ్లం? నిలువు అక్షం మీద సగం ఎత్తు, అంటే 25 దగ్గర స్కేలు పెట్టి, గీత తగిలే దాకా అడ్డంగా వెళ్లి, అక్కణ్ణుంచి నిలువుగా కిందికి దిగేవాళ్లం. ఈ లెక్కలో 50 మార్కుల దగ్గర దిగుతాం. అదే మధ్యగతం.

ఇప్పుడు ఒక్క మార్పు చేద్దాం. ప్రతిసారీ సగం ఎత్తు నుంచే కాకుండా, చీటీ తీసి ఏ ఎత్తు వస్తే అక్కణ్ణుంచి బయలుదేరుదాం. కంప్యూటరు 0కీ 1కీ మధ్య ఎక్కడైనా సమాన అవకాశంతో పడే సంఖ్య ఒకటి ఇస్తుంది. 0.36 వచ్చిందనుకోండి. 50లో అది 18వ ఎత్తు. అడ్డంగా వెళ్లి దిగితే 43 మార్కులు. 0.94 వస్తే 47వ ఎత్తు, దిగేది 88 మార్కుల దగ్గర. 0.05 వస్తే 12.5 మార్కులు. ఇలా వెయ్యిసార్లు చేస్తే వెయ్యి మంది ఊహా విద్యార్థులు తయారవుతారు. వాళ్ల మార్కులు మన 50 మంది పిల్లల మార్కులు పరుచుకున్న తీరులోనే పరుచుకుంటాయి. సమానంగా పడే సంఖ్యల నుంచి మనకు కావలసిన ఏ విభాజనాన్నయినా పుట్టించే పద్ధతి ఇదే. శాస్త్రజ్ఞులు దీన్ని విలోమ సంచిత ప్రమేయ పద్ధతి అంటారు. పేరు బరువైనదే గానీ, పని మాత్రం మనం చిన్నప్పుడు గీసిన ఆ రెండు గీతలే.

ఎందుకు పనిచేస్తుందో గ్రాఫును చూస్తేనే తెలుస్తుంది. 40 నుంచి 60 మార్కుల మధ్య గీత 15 నుంచి 35కు ఎగబాకుతుంది. నిలువు అక్షంలో అది 40 శాతం. ఎత్తును చీటీ తీసి ఎంచుతున్నాం కాబట్టి నూటికి 40 సార్లు మన బయలుదేరే చోటు ఆ ముక్కలోనే పడుతుంది, నూటికి 40 సార్లు ఆ మార్కుల మధ్యే దిగుతాం. అసలు తరగతిలోనూ 50లో ఇరవై మంది అక్కడే ఉన్నారు. జనం ఎక్కువున్న చోట గీత నిటారుగా ఎక్కుతుంది, నిటారుగా ఉన్నచోట ఎక్కువ అడ్డగీతలు తగులుతాయి. ఇంతకుమించి రహస్యం లేదు. చీటీని అడ్డ అక్షం మీద తీస్తే మాత్రం అన్ని మార్కులూ సమానంగా వచ్చేస్తాయి, తరగతి ఆనవాలే మిగలదు.

ఈ పద్ధతికి మొదట గట్టి అవసరం పడింది అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో. 1946లో జబ్బు నుంచి కోలుకుంటున్న స్టానిస్లా ఉలాం పేకముక్కలతో ఒంటరిగా ఆడుకుంటూ, ఆట గెలిచే అవకాశం ఎంతో సూత్రాలతో తేల్చడం కంటే వందసార్లు ఆడి లెక్కపెట్టడం తేలిక కదా అనుకున్నాడు. అదే ఆలోచనను న్యూట్రాన్ల మీద ప్రయోగించవచ్చని జాన్ ఫాన్ నోయ్‌మన్ గ్రహించాడు. ఒక్కో న్యూట్రాన్ ఎంత దూరం పోతుంది, దేన్ని గుద్దుకుంటుంది, గుద్దుకున్నాక ఏమవుతుంది అన్నది అడుగడుగునా చీటీ తీసి నిర్ణయించాలి. 1947 మే నెలలో ఉలాంకు రాసిన ఉత్తరంలో ఫాన్ నోయ్‌మన్ సమానంగా పడే సంఖ్యల్ని వేరే విభాజనంలోకి ఎలా మార్చాలో చర్చించాడు. మనం గీసిన రెండు గీతల సంగతి అందులో ఉంది.

న్యూట్రాన్ ఉదాహరణనే పూర్తిగా చేసి చూద్దాం. ఒక పదార్థంలో న్యూట్రాన్ దేన్నయినా గుద్దుకునే లోపు సగటున 3 సెంటీమీటర్లు ప్రయాణిస్తుందనుకోండి. ఎంత దూరం వచ్చినా ఆ పైన మరో అడుగులో గుద్దుకునే అవకాశం మారదు. అలాంటి దూరాలది ఘాతీయ విభాజనం. x సెంటీమీటర్ల లోపే గుద్దుకునే సంభావ్యత, అంటే మన ఓజివ్ ఎత్తు, ఇది:

F(x) = 1 − e^(−x/3)

ఇక్కడ స్కేలు అక్కర్లేదు, బీజగణితం చాలు. ఎత్తు u అని పెట్టి xను విడదీస్తే:

x = −3 · ln(1 − u)

ln అంటే సహజ సంవర్గమానం. u 0.12 అయితే న్యూట్రాన్ 0.38 సెంటీమీటర్లు పోయి ఆగుతుంది. 0.5 అయితే 2.08. 0.87 అయితే 6.12. 0.995 వచ్చిందంటే దాదాపు 15.9 సెంటీమీటర్లు దూసుకుపోతుంది. u సమానంగానే పడుతున్నా దూరాల్లో ఎక్కువ భాగం చిన్నవే. ఎప్పుడో ఒకటి మాత్రం సగటుకు ఐదింతలు వెళ్తుంది.

గుద్దుకున్నాక ఏమయిందన్నదీ ఇలాగే తేలుతుంది. పక్కకు మళ్లే అవకాశం 0.7, పరమాణువు మింగేసే అవకాశం 0.2, విచ్ఛిత్తి జరిగే అవకాశం 0.1 అనుకుంటే, కూడుకుంటూ పోగా 0.7, 0.9, 1. ఇక్కడ ఓజివ్ వంపు తిరిగిన గీత కాదు, మూడు మెట్లు. u 0.83 వస్తే రెండో మెట్టు గోడకు తగులుతుంది, కాబట్టి న్యూట్రాన్‌ను పరమాణువు మింగేసింది.

పైథాన్‌లో దూరం లెక్క ఇంతే:

```python
import math, random

def dooram(sagatu):
    u = random.random()
    return -sagatu * math.log(1.0 - u)
```

కొందరు `1.0 - u` బదులు నేరుగా `u` రాస్తారు. u సమానంగా పడేదయితే 1 − u కూడా అంతే కదా అన్నది వాళ్ల వాదన. గణితంలో అది నిజమే. కానీ `random.random()` 0ను ఇవ్వగలదు, 1ని మాత్రం ఎన్నడూ ఇవ్వదు. సున్నాకు సంవర్గమానం లేదు. కోట్లసార్లు సాఫీగా నడిచిన ప్రోగ్రాం ఒక రాత్రి ఆ ఒక్క సున్నా దగ్గర ఆగిపోవచ్చు. ఒక తీసివేతతో ఆ ప్రమాదం తప్పుతుంది.

ఇంతకంటే ఎక్కువగా దొర్లే తప్పులు వేరే ఉన్నాయి. సగటు ఇవ్వాల్సిన చోట దాని విలోమాన్ని, అంటే 3 బదులు 1/3 ఇవ్వడం ఒకటి. సహజ సంవర్గమానం బదులు పది ఆధారంగా ఉన్నదాన్ని వాడడం మరొకటి. రెండింటిలోనూ ప్రోగ్రాం ఏ గొడవా చేయదు. గ్రాఫు గీస్తే ఆకారమూ సరిగ్గానే కనిపిస్తుంది, కొలతే తప్పుతుంది. మొదటి తప్పులో సగటు 0.33కు, రెండోదాంట్లో 1.3కు పడిపోతుంది. అందుకే వచ్చిన దూరాల సగటూ మధ్యగతమూ చూడాలి. సగటు 3కు, మధ్యగతం 2.08కి దగ్గరగా ఉండాలి.

నాకు బాగా నచ్చిన పరీక్ష ఇంకొకటుంది. వచ్చిన ప్రతి దూరాన్నీ మళ్లీ ఓజివ్‌లోకి పంపి ఎత్తు చదవడం. కింది నుంచి పైకి, పైనుంచి అడ్డంగా, వచ్చిన దారినే వెనక్కి వెళ్లడం అన్నమాట. అన్నీ సరిగ్గా ఉంటే ఆ ఎత్తులు 0 నుంచి 1 దాకా సమానంగా పరుచుకోవాలి. వెయ్యి దూరాలు తీసుకుని ఎత్తుల్ని పది సమాన గడుల్లో వేస్తే ఒక్కో గడిలో సుమారు వంద పడాలి. 90, 110 అయితే కంగారు అక్కర్లేదు, ఆ మాత్రం తేడా సహజం. ఒక గడిలో 60, మరోదాంట్లో 150 ఉంటే మాత్రం ఎక్కడో తప్పు జరిగినట్టే. అయితే పరీక్షకు వాడే ఓజివ్ సూత్రాన్ని విడిగా రాసుకోవాలి. ప్రోగ్రాంలోని తప్పు సగటునే రెండు వైపులా వాడితే ఒక తప్పు మరో తప్పును కప్పేస్తుంది.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది, అది కంటికి కనిపించదు. కంప్యూటరు ఇచ్చే u నిజంగా అవిచ్ఛిన్నమైన సంఖ్య కాదు, సన్నటి మెట్ల మీద నిలిచేది. 32 బిట్ల యంత్రమయితే 1 − u విలువ సున్నా కాకుండా ఎంత చిన్నదైనా 429 కోట్లలో ఒక వంతు కంటే తగ్గదు. దాని సంవర్గమానం వేస్తే సగటుకు 22 రెట్లు దాటి ఏ న్యూట్రానూ పోలేదు. మన లెక్కలో అది 66 సెంటీమీటర్ల చిల్లర. మామూలు పనులకు దీనితో నష్టం లేదు. కానీ రేడియేషన్‌ను ఆపే మందపాటి గోడ గురించి లెక్కిస్తున్నప్పుడు మనకు కావలసింది ఆ అరుదైన న్యూట్రానే. పైథాన్ 53 బిట్లు వాడుతుంది కాబట్టి హద్దు 36 రెట్లు దాటేదాకా జరుగుతుంది.

ఘాతీయ విభాజనంలో xను విడదీయడం సులువు. అన్నింటితో అలా కుదరదు. మనుషుల ఎత్తుల్లో, కొలతల్లో దొర్లే పొరపాట్లలో కనిపించే గంట ఆకారపు సామాన్య విభాజనానికి ఓజివ్ ఉంది గానీ, దాన్ని వెనక్కి తిప్పే ముగింపు సూత్రం లేదు. ఇలాంటి చోట్లకు ఫాన్ నోయ్‌మన్ అదే ఉత్తరంలో మరో దారి చూపాడు. వక్రం కింద, పైన చుక్కలు విసిరి, కింద పడ్డవాటిని ఉంచుకుని పైన పడ్డవాటిని పారేయడం. ఘాతీయ విభాజనానికి కూడా సంవర్గమానం అవసరమే లేకుండా, సంఖ్యల్లో ఏది పెద్దది ఏది చిన్నది అని పోల్చడంతోనే నమూనా తీసే ఉపాయం ఒకటి కనిపెట్టాడు. 1951లో అచ్చయిన వ్యాసంలో దాన్ని వివరించి, ఎనియాక్ యంత్రం మీద మాత్రం సంవర్గమానాన్ని శ్రేణితో లెక్కించడమే కాస్త వేగంగా నడిచిందని విచారంగా ఒప్పుకున్నాడు. అంత అందమైన ఉపాయం ఓడిపోయిందే అని ఆ భాగం చదివినప్పుడల్లా నాకూ బాధేస్తుంది.

ఈ రోజుల్లో సామాన్య విభాజనానికీ చాలామంది రెండు గీతల పద్ధతికే తిరిగి వచ్చారు. ముగింపు సూత్రం లేకపోయినా, మైకేల్ విచురా 1988లో ఇచ్చిన భిన్నాల సూత్రం ఆ విలోమాన్ని దాదాపు 16 అంకెల దాకా సరిగ్గా ఇస్తుంది. గణాంకాల పనికి వాడే ఆర్ భాషలో `rnorm` అని రాస్తే, వేరే పద్ధతి అడగనంత వరకూ లోపల జరిగేది ఇదే. అక్కడ 32 బిట్ల హద్దుకూ జాగ్రత్త తీసుకున్నారు. ఒక్క u చాలదని రెండు తీస్తారు. మొదటిదాన్ని 13,42,17,728తో, అంటే 2ను 27 సార్లు హెచ్చిస్తే వచ్చే సంఖ్యతో గుణించి పూర్ణాంకం మాత్రం ఉంచుకుంటారు. దానికి రెండోదాన్ని కలిపి, మొత్తాన్ని మళ్లీ అదే సంఖ్యతో భాగిస్తారు. అలా మెట్లు సన్నబడిన ఎత్తు నుంచి అడ్డంగా వెళ్లి కిందికి దిగుతారు.