ఎవరు మాట్లాడారు, ఎవరిని విన్నారు

1930లలో అమెరికాలో ఎలియట్ చాపెల్ అనే మానవశాస్త్రవేత్తకు ఒక విచిత్రమైన ఆలోచన వచ్చింది. ఇద్దరు మాట్లాడుకుంటున్నప్పుడు వాళ్లు ఏమంటున్నారన్నది పక్కన పెట్టి, ఎవరు ఎప్పుడు మొదలుపెట్టారు, ఎప్పుడు ఆపారు, ఎవరు ఎవరికి అడ్డుపడ్డారు అన్నది మాత్రమే కొలిస్తే ఎలా ఉంటుందని. అందుకోసం ఆయన తయారుచేసిన యంత్రం పేరు ఇంటరాక్షన్ క్రోనోగ్రాఫ్. మాటలు జరుగుతున్నంతసేపూ ఒక మనిషి పక్కన కూర్చుని, మాట్లాడే ఒక్కొక్కరికి ఒక్కో మీట చొప్పున నొక్కుతూ ఉండాలి. కదిలే కాగితం మీద ఆ వివరాలు నమోదవుతాయి. తల ఊపినా, చేయి ఆడించినా కూడా మీట నొక్కాల్సిందే. 1947 నాటికి ఈ పరికరంతో డిపార్ట్‌మెంట్ స్టోర్ల అమ్మకందారుల తీరును అంచనా వేసేదాకా వెళ్లారు.

దాదాపు అదే కాలంలో అదే దేశంలో పాల్ లాజర్స్‌ఫెల్డ్, ఫ్రాంక్ స్టాంటన్ అనే ఇద్దరు ఎదుటి పక్షాన్ని, అంటే వినేవాళ్లను, కొలిచే యంత్రం చేశారు. దాని పేరు ప్రోగ్రామ్ ఎనలైజర్. రేడియో కార్యక్రమం వింటున్న ప్రతి శ్రోత చేతిలోనూ రెండు మీటలు ఉంటాయి. నచ్చినంతసేపు ఆకుపచ్చ మీట, నచ్చనంతసేపు ఎర్రది. రెండూ నొక్కకపోతే పట్టింపు లేదని అర్థం. ఒక యంత్రం మాట్లాడేవాళ్ల గడియారం, ఇంకోటి వినేవాళ్ల గడియారం. టీవీ చర్చలో ఏ అతిథి ప్రేక్షకులను పట్టి ఉంచుతున్నాడో చెప్పే నేటి సాఫ్ట్‌వేర్ ఈ రెండు గడియారాలను ఒక్కచోట చేర్చి చూస్తుంది, అంతే.

మొదటి గడియారం దగ్గర చిక్కేమిటంటే, మీట నొక్కే మనిషి అలసిపోతాడు. 1960లలో బెల్ ల్యాబ్స్‌లో పాల్ బ్రేడీ టెలిఫోను సంభాషణల్లో మాట ఉన్న క్షణాలను, లేని క్షణాలను యంత్రంతోనే విడదీశాడు. అక్కడ ఆయనకు ఎదురైన ప్రశ్న ఇప్పటికీ ఉంది: ఎంత నిశ్శబ్దాన్ని నిశ్శబ్దం అనాలి? ‘అప్పుడు’ అనే మాటలో ‘ప్పు’ దగ్గర కూడా గొంతు క్షణకాలం ఆగుతుంది. దాన్ని విరామంగా లెక్కిస్తే ఒక్క వాక్యం పది ముక్కలవుతుంది. బ్రేడీ 200 మిల్లీసెకన్లలోపు ఖాళీలను మాటలోనే కలిపేశాడు, 15 మిల్లీసెకన్లలోపు చప్పుళ్లను పారేశాడు.

ఫోనులో ఇద్దరికీ చెరో తీగ ఉంటుంది కాబట్టి ఎవరిది ఎవరి గొంతో వెతుక్కునే పని లేదు. చర్చా కార్యక్రమం రికార్డింగులో అందరి గొంతులూ ఒక్క ట్రాకులో కలిసి ఉంటాయి. వాటిని విడదీసే పనిని ఈ రంగంలో స్పీకర్ డయరైజేషన్ అంటారు. సాఫ్ట్‌వేర్ ముందు మాట ఉన్న భాగాలను ఏరుతుంది. వాటిని ఒకటి రెండు సెకన్ల ముక్కలు చేసి, ఒక్కో ముక్కలోని గొంతు లక్షణాలను కొన్ని వందల అంకెల వరుసగా మారుస్తుంది. 2018 నుంచి బాగా వాడుకలోకి వచ్చిన ఎక్స్-వెక్టర్ ఇలాంటి వరుసే. ఆ తర్వాత దగ్గర దగ్గరగా ఉన్న వరుసలను ఒక గుంపుగా కడుతుంది. చివరికి చేతికొచ్చేది ఇలాంటి వరుసల ఫైలు:

```
SPEAKER charcha 1 612.40 8.25 <NA> <NA> S2 <NA> <NA>
```

రికార్డింగులో 612.40వ సెకను దగ్గర S2 అనే వ్యక్తి మొదలుపెట్టి 8.25 సెకన్లు మాట్లాడాడని దీని భావం. S2 ఎవరో యంత్రానికి తెలియదు. అది మనమే విని పేరు పెట్టుకోవాలి.

ఈ దశలో తప్పులు ఎక్కడ జరుగుతాయో తెలియకపోతే తర్వాతి లెక్కంతా వృథా. ఒకే మనిషి మొదట స్టూడియోలో, తర్వాత ఫోన్ లైనులో మాట్లాడితే ఇద్దరుగా పడతాడు. గొంతులు దగ్గరగా ఉన్న ఇద్దరు ఒక్కరుగా కలిసిపోతారు. ఇక అందరూ ఒక్కసారి అరిచే ఘట్టం ఉంటుంది కదా, మన సాయంత్రపు చర్చల్లో దానికి కొరత లేదు. అక్కడ పాత పద్ధతి ఒక్కరి పేరే రాస్తుంది, మిగతావాళ్ల సమయం మాయమవుతుంది. మొత్తం మాటలో 10 శాతం తప్పు ఉందంటే పర్వాలేదనిపిస్తుంది. కానీ 50 నిమిషాల మాటలో అది 5 నిమిషాలు. ఆ 5 నిమిషాలూ ఒక్క అతిథివే అయితే ఆయన నోరు మెదపలేదనే తేలుతుంది. అందుకని ఒక్కో పేరు కింద బాగా పొడుగైన ముక్కలు కొన్ని, బాగా చిన్నవి కొన్ని చెవితో విని చూడాలి. తప్పులు ఎక్కువగా చిన్న ముక్కల్లోనే దాక్కుంటాయి.

రెండో గడియారం ఇప్పుడు యూట్యూబ్ ఇస్తోంది. వీడియోలో ఏ చోటును ఎంత శాతం మంది చూశారో చెప్పే ఆ గీతను రిటెన్షన్ అంటారు. దాన్ని ఎనలిటిక్స్ ఏపీఐ ద్వారా తెప్పించుకుంటే, వీడియో ఎంత పొడుగున్నా 100 బిందువులే వస్తాయి. గంట చర్చలో ఒక్కో బిందువు 36 సెకన్లు. అంటే పది సెకన్ల చురక ఎంత పేలినా దాని ఫలితాన్ని విడిగా చూడలేం. ఒక్క మనిషే ఎక్కువ భాగం మాట్లాడిన బిందువులను మాత్రమే ఉంచుకుని, చేతులు మారిన బిందువులను వదిలేయడం మేలు. ఒకరి మాటకు విసిగి వెళ్లిపోయేవాడు కొన్ని సెకన్లు ఆగి, తర్వాతి మనిషి మొదలుపెట్టాక వెళ్తాడు. ఆ నష్టం తర్వాతి మనిషి ఖాతాలో పడకూడదు.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఊహించినవే. గంట చర్చలో మొదటి అతిథి 10వ నిమిషం ప్రాంతంలో ఆరు బిందువులపాటు, అంటే 3 నిమిషాల 36 సెకన్లు మాట్లాడారు. ఆ సమయంలో చూసేవాళ్లు 60 శాతం నుంచి 54కి తగ్గారు. రెండో అతిథి 45వ నిమిషం దగ్గర అంతేసేపు మాట్లాడారు. 25 నుంచి 23కి తగ్గింది. పైపైన చూస్తే మొదటాయన నూటికి ఆరుగురిని పోగొట్టాడు, రెండో ఆయన ఇద్దరినే. అప్పటికి మిగిలినవాళ్లలో ఎంతమంది పోయారని అడిగితే తేడా తగ్గుతుంది: 10 శాతం, 8 శాతం. ఇప్పుడు అసలు ప్రశ్న అడగాలి. ఆ కార్యక్రమం పాత ఎపిసోడ్లలో, ఎవరు మాట్లాడినా, అదే చోట సాధారణంగా ఎంతమంది పోతారు? మొదట్లో 14 శాతం, చివర్లో 5 శాతం అని తేలిందనుకోండి. అప్పుడు మొదటాయన నిలబెట్టినవాడు, రెండో ఆయన పోగొట్టినవాడు. తీర్పు తిరగబడింది.

మొదటి నిమిషాల్లో ఎవరు మాట్లాడినా జనం పోతారు. కేవలం తొంగిచూడ్డానికి వచ్చినవాళ్లు వాళ్లు. చివరిదాకా మిగిలేవాళ్లు ఎలాగూ ఓపికగా ఉంటారు. ఈ సవరణ చేయకుండా ‘ఫలానా అతిథికి రేటింగ్ లేదు’ అనడం అన్యాయమే. సవరణ చేశాక కూడా ఒక మెలిక మిగులుతుంది. గీత పైకి లేచిన చోట అతిథి గొప్పగా మాట్లాడి ఉండొచ్చు, లేదా ఎవరో ఆ ముక్కకు లింకు పంచి ఉండొచ్చు, లేదా యాంకర్ అడిగిన ప్రశ్నే అంత పదునుగా ఉండొచ్చు. 1941లో రాబర్ట్ మెర్టన్ అనే సామాజిక శాస్త్రవేత్త లాజర్స్‌ఫెల్డ్ స్టూడియోకు వెళ్లినప్పుడు గమనించింది ఇదే: మీట ఎక్కడ నొక్కారో యంత్రం చెబుతోంది, ఎందుకు నొక్కారో చెప్పడం లేదు. దాంతో ఆయన శ్రోతలను గుచ్చి గుచ్చి అడిగే ఇంటర్వ్యూ పద్ధతిని రూపొందించాడు. నేటి ఫోకస్ గ్రూపులకు మూలం అక్కడే.

చర్చలు నడిపేవాళ్లకు రెండు మనవులు. ఒక్కో మైకును విడి ట్రాకులో రికార్డు చేయండి. పక్క మైకులోకి కొంత గొంతు జారినా, ఎవరిది ఎవరి గొంతన్న చిక్కు చాలావరకు అప్పుడే తీరిపోతుంది. ఒకే ఒక్క కార్యక్రమం గీత చూసి మాత్రం ఏ అతిథినీ పిలవడం మానేయకండి.