నాలుగు అధ్యాయాల్లో ఒకే తరగతి

ఎన్‌సీటీఈ 2014 నిబంధనలతో బీఈడీ రెండేళ్ల కోర్సయింది. బడిలో ఇంటర్న్‌షిప్ 20 వారాలకు పెరిగింది: మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16. ఆ కాలమంతా ఛాత్రోపాధ్యాయులు ఏ బడిలో ఉన్నారు, ఎవరి పాఠాలు చూశారు, ఏ పిల్లల్ని దగ్గరగా గమనించారు, తమ బోధనలో ఏం మారింది అన్నవన్నీ చివరి నివేదికలో రాయాలి. సాధారణంగా ఈ నాలుగూ నాలుగు అధ్యాయాలవుతాయి. చిక్కల్లా ఆ నాలుగింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేకపోవడమే. బడి పరిచయంలో గదులూ బెంచీలూ లెక్కపెట్టి ఉంటాయి. పరిశీలనలో ‘ఉపాధ్యాయులు చక్కగా బోధించారు’ అని ఉంటుంది. చివరి అధ్యాయంలో ‘నాలో ఆత్మవిశ్వాసం పెరిగింది’ అని ఉంటుంది. అట్ట మీది బడి పేరు మార్చేస్తే, అదే రికార్డు ఇంకో జిల్లాలో ఇంకొకరికీ సరిపోతుంది.

అలా కాకుండా ఎలా రాయవచ్చో ఒక ఉదాహరణతో చూద్దాం. ఆదోని చుట్టుపక్కల ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల అనుకుందాం. లెక్కల ఛాత్రోపాధ్యాయురాలికి ఏడో తరగతి ఇచ్చారు. పాఠం దశాంశ భిన్నాలు. ఇక్కడి అంకెలన్నీ ఉదాహరణ కోసం వేసుకున్నవే.

బడి పరిచయానికి కావలసిన వివరాలు చాలావరకు ఆఫీసు గదిలోనే దొరుకుతాయి. ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. దాని ఆధారంగా విద్యార్థులు, టీచర్లు, గదులు, మరుగుదొడ్ల లెక్కలు చూడవచ్చు. అయితే అవి ఒకసారి నమోదై ఉండిపోయిన లెక్కలు. ఈ వారం తరగతిలో ఎంతమంది కూర్చున్నారో హాజరు పట్టీయే చెబుతుంది. మన ఉదాహరణలో పట్టీలో 40 పేర్లున్నాయి, వస్తున్నది 26 మంది. ఆ ప్రాంతంలో ఖరీఫ్ పనులు ముగిశాక చాలా కుటుంబాలు పత్తి తీతకూ మిరప కోతకూ గుంటూరు వైపు వలసపోతాయి. పిల్లలూ వెంట వెళ్తారు. కాబట్టి ‘40 మంది విద్యార్థులు’ అని రాసి ఊరుకుంటే అసలు సంగతి రాయనట్టే. ఎవరు ఏ నెలల్లో లేరు, ఆ నెలల్లో ఏ పాఠాలు జరిగాయి అన్నది పక్కపక్కనే పెట్టి చూడాలి. పదో వంతుల స్థానం చెప్పిన వారంలో కొందరు అసలు ఊళ్లోనే లేరని అప్పుడు తెలుస్తుంది. ఆ తర్వాతి మూడు అధ్యాయాలకూ ఈ వాక్యమే పునాది. బెంచీల లెక్క అనుబంధంలో ఉంటే చాలు.

రెండో అధ్యాయం పాఠాల పరిశీలన. బీఈడీలో అందరూ చదివే ఫ్లాండర్స్ పద్ధతిలో ప్రతి మూడు సెకన్లకోసారి తరగతిలో ఏం జరుగుతోందో పది వర్గాల్లో ఒకదానిగా గుర్తిస్తారు. అందులో ఏడు టీచరు మాటలకు, రెండు పిల్లల మాటలకు, ఒకటి నిశ్శబ్దానికి లేదా గందరగోళానికి. చేయి తిరగనిదే ఆ వేగం అందుకోవడం కష్టం. మొదట్లో సులువైన దారి తరగతి పటం. తెల్ల కాగితం మీద ఎవరెక్కడ కూర్చున్నారో గీసుకుని, టీచరు ప్రశ్న ఎవరి దగ్గరికి వెళ్తే వారి గడిలో ఒక గీత పెట్టడమే. పీరియడ్ అయ్యేసరికి 18 ప్రశ్నల్లో 15 ముందు రెండు వరుసలకే వెళ్లాయని గీతలే చెబుతాయి. వలస నుంచి తిరిగొచ్చిన పిల్లలు ఎక్కడ కూర్చున్నారు? వెనక వరుసలో. మొదటి అధ్యాయం ఇక్కడ రెండోదానితో కలిసింది.

ప్రశ్నకూ జవాబుకూ మధ్య టీచరు ఎంతసేపు ఆగారో కూడా రాసుకోవాలి. టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయని అమెరికన్ పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లో చూపించారు. పరిశీలన పేజీలో చూసిందొక వైపు, అనుకున్నది మరో వైపు రాయాలి. ‘మూడో వరుసలో ఇద్దరు పుస్తకం తెరవలేదు’ అన్నది చూసింది. ‘వారికి ఆసక్తి లేదు’ అన్నది అనుకున్నది. రెండూ ఒకే గడిలో కలిసిపోతే తర్వాత విడదీయలేం.

మూడోది, అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ అడిగేది, పిల్లల పరిచయం. ఎఫ్ఏ మార్కుల పట్టిక అతికించి, ‘వెనకబడిన విద్యార్థి’ అని రాస్తే ఆ పిల్లవాడి గురించి ఏమీ తెలియదు. ఛాత్రోపాధ్యాయురాలు ఇద్దరికి రెండు ప్రశ్నలిచ్చింది. 0.6, 0.45లలో ఏది పెద్దది? 0.3, 0.47లలో ఏది పెద్దది? మొదటి పిల్లవాడు 0.45 అన్నాడు, తర్వాత 0.47 అన్నాడు. రెండో అమ్మాయి 0.6 అంది, తర్వాత 0.3 అంది. ఇద్దరికీ రెండింటికి ఒక మార్కే. ఎలా చెప్పావని అడిగితే, 6 కంటే 45 పెద్దది కదా అన్నాడు అబ్బాయి. అంటే బిందువు తర్వాతి అంకెల్ని మామూలు సంఖ్యల్లాగే చదువుతున్నాడు. వందో వంతులు పదో వంతుల కంటే చిన్న ముక్కలు కాబట్టి, రెండంకెలున్నది ఎప్పుడూ చిన్నదే అంది అమ్మాయి. ఆమెకు ముక్కల సైజు తెలుసు, ఎన్ని ముక్కలున్నాయో చూడడం లేదు.

ఒకే మార్కు వెనక ఎదురెదురు తప్పులున్నాయి, కాబట్టి ఇద్దరికీ ఒకే పాఠం పనిచేయదు. అబ్బాయికి స్థానవిలువ గడులు గీసి 0.6ను 0.60గా చూపాలి. అమ్మాయి చేత గ్రాఫు కాగితం మీద వంద గళ్ల చదరంలో 30 గళ్లూ 47 గళ్లూ రంగు వేయించాలి. పరిచయంలో పిల్లలు చెప్పిన కారణం వారి మాటల్లోనే ఉండాలి, నోటుపుస్తకం పేజీ జిరాక్సు జతచేయాలి. పిల్లల పేర్లు మాత్రం రాయకూడదు. వి-1, వి-2 అంటే చాలు. కుటుంబం అప్పుల సంగతి, ఇంట్లో గొడవల సంగతి చదువుకు సంబంధం లేకపోతే రికార్డుకెక్కకూడదు.

ఇక సొంత ఎదుగుదల. దీనికి ఆధారం మొదటి వారపు పీరియడ్ ప్లాన్, చివరి వారపు ప్లాన్, ఆ రెండు పాఠాలకూ మెంటర్ టీచర్ రాసిన అభిప్రాయ పత్రాలు. మొదటి పాఠంలో ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్న ‘అర్థమైందా?’. దానికి తరగతంతా ‘ఆఁ’ అంటుంది. చివరి పాఠంలో ‘ఎలా చెప్పావు?’ అన్న ప్రశ్న ఎన్నిసార్లు వచ్చింది, ప్రశ్నల పటం వెనక వరుస దాకా పాకిందా అన్నది చూపితే అది ఎదుగుదల. మారనిది కూడా రాయాలి: బోర్డు వైపు తిరిగి మాట్లాడే అలవాటు అలాగే ఉందనుకోండి, అది మెంటర్ పత్రంలో ఎలాగూ కనిపిస్తుంది. అబ్బాయి చివరి పరీక్షలో రెండూ సరిగా చేశాడంటే ఆ ఫలితమంతా తనదేనని చెప్పుకోవడమూ తప్పే. ఈలోగా రెగ్యులర్ టీచరు అదే పాఠం మళ్లీ చెప్పి ఉండవచ్చు. అది తేదీలతో సహా రాయాలి.

ఇవన్నీ చివరి వారంలో కూర్చుని రాయడం కుదరదు. పిల్లలు చెప్పిన మాట ఆ రోజే రాసుకోకపోతే మర్నాటికి మన మాటగా మారిపోతుంది. రోజూ తేదీ వేసి అర పేజీ రాసుకుంటే, చివర్లో మిగిలేది ఏరడం, కలపడం. ముందు అనుబంధాలకు పేజీ సంఖ్యలు వేయాలి: ప్లాన్‌లు, తరగతి పటాలు, నోటుపుస్తకాల జిరాక్సులు, హెచ్ఎం సంతకంతో హాజరు ధ్రువపత్రం. ఆ తర్వాతే అధ్యాయాలు రాస్తూ, ప్రతి మాట పక్కనా దాన్ని రుజువు చేసే పేజీ సంఖ్య వేయాలి. ‘ప్రశ్నలు అడగడంలో మెరుగుపడ్డాను’ అన్న వాక్యం పక్కన వేయడానికి పేజీ దొరకకపోతే ఆ వాక్యం కొట్టేయడమే. వైవాలో ఎగ్జామినర్ అడిగేదీ అదే: ‘ఇది ఎక్కడ చూశారు, చూపించండి.’