పేరు మారిన షేరుకు పాత ధర ఎక్కడ దొరుకుతుంది?

పాత షేర్లు అమ్మేవాళ్లకు 2018 జనవరి 31 ముఖ్యమైన తేదీ. ఆ రోజు వరకు కొని, ఏడాది దాటాక అమ్మిన లిస్టెడ్ షేర్లకు పన్ను లెక్కలో ఒక వెసులుబాటు ఉంది. అంతకుముందు పెరిగిన లాభం మీద పన్ను వేయరు. ఆనాడు ఎక్స్ఛేంజీలో ఆ షేరు పలికిన గరిష్ఠ ధర, మీరు అమ్మిన ధర, ఈ రెండింటిలో తక్కువదాన్ని తీసుకుంటారు. దాన్ని మీరు కొన్న ధరతో పోల్చి, ఏది ఎక్కువైతే దాన్ని కొనుగోలు ఖర్చుగా చూపిస్తారు. అంటే 2018 నాటి ఆ ఒక్క ధర చేతిలో లేకపోతే లెక్క ముందుకు సాగదు.

ఆ ధర వెతకడం సులభమే అనిపిస్తుంది. ఎన్ఎస్ఈ ప్రతి ట్రేడింగ్ రోజు ముగిశాక అన్ని షేర్ల ధరలతో ఒక ఫైలు విడుదల చేస్తుంది. దాన్ని భావ్‌కాపీ అంటారు. 2018 జనవరి 31 నాటి ఫైలు పేరు cm31JAN2018bhav.csv. దాన్ని తెరిచి మీ షేరు సింబల్ వెతికితే ఆ వరుసలో HIGH గడి కింద ఉన్న అంకే మీకు కావాల్సింది.

ఇప్పుడు యునైటెడ్ స్పిరిట్స్ షేరు సంగతి చూద్దాం. డీమ్యాట్ ఖాతాలో దాని సింబల్ UNITDSPR అని కనిపిస్తుంది. 2018 ఫైలులో ఈ పేరు వెతికితే ఒక్క వరుస కూడా రాదు. ఆ కంపెనీ అప్పటికి లిస్టు కాలేదేమో అనుకుని వదిలేసేవాళ్లున్నారు. ఇంకొందరు ఆ చుట్టుపక్కల UBL అనే సింబల్ చూసి అదే అనుకుంటారు. అది యునైటెడ్ బ్రూవరీస్, పూర్తిగా వేరే కంపెనీ. యునైటెడ్ స్పిరిట్స్ ఆ ఫైలులో నిక్షేపంగా ఉంది, కాకపోతే MCDOWELL-N అనే పేరుతో ఉంది. మెక్‌డొవెల్ అండ్ కంపెనీ 2006లోనే యునైటెడ్ స్పిరిట్స్‌గా పేరు మార్చుకుంది. ఎన్ఎస్ఈ సింబల్ మాత్రం 2024 వరకు పాతదే నడిచింది. కంపెనీ పేరు మారిన ఏడాదిలోనే సింబల్ కూడా మారి ఉంటుందని లెక్క వేసుకుంటే ఇక్కడే దారి తప్పుతాం. 2018 భావ్‌కాపీలో కంపెనీ పూర్తి పేరు ఉండదు, సింబలే ఉంటుంది. కాబట్టి పేరుతో వెతికినా లాభం లేదు.

పాత సింబల్ తెలుసుకోవడానికి ఎన్ఎస్ఈ వద్దే ఒక జాబితా ఉంది. symbolchange.csv అనే ఆ ఫైలులో కంపెనీ పేరు, పాత సింబల్, కొత్త సింబల్, మార్పు అమల్లోకి వచ్చిన తేదీ వరుసగా ఉంటాయి. మీ ప్రస్తుత సింబల్‌ను కొత్త సింబళ్ల గడిలో వెతికి, పక్కనున్న పాత సింబల్ రాసుకోవాలి. అక్కడితో ఆగకూడదు. రాసుకున్న పాత సింబల్‌ను మళ్లీ కొత్త సింబళ్ల గడిలో వెతకాలి. ఎందుకంటే కొన్ని కంపెనీలు రెండుసార్లు మారాయి. నేటి VEDL 2015కు ముందు SSLT, దానికీ ముందు 2013 వరకు SESAGOA. వేదాంత పాత ధరల కోసం ఒక్క మెట్టు దిగి ఆగిపోయినవాళ్లకు 2013 నుంచి ఉన్న ధరలే దొరుకుతాయి, సెసా గోవా కాలమంతా మరుగున పడిపోతుంది. ఇక వెతకడానికి ఏమీ లేదు అనేంతవరకు వెనక్కి వెళ్లడమే పద్ధతి.

సింబల్ కన్నా గట్టి ఆధారం మరొకటి ఉంది. ప్రతి షేరుకూ ఐసిన్ అనే పన్నెండు అక్షరాల గుర్తింపు ఉంటుంది. డీమ్యాట్ స్టేట్‌మెంట్‌లో షేరు పేరు పక్కనే దాన్ని ముద్రిస్తారు. యునైటెడ్ స్పిరిట్స్ నేటి ఐసిన్ INE854D01024. కంపెనీ పేరు మారినా, సింబల్ మారినా ఐసిన్ మారనక్కర్లేదు. పొలం చేతులు మారినా సర్వే నంబరు నిలిచి ఉన్నట్టే ఇదీ నిలిచి ఉంటుంది. 2018 భావ్‌కాపీలో చివరి గడి ISINదే. కాబట్టి సింబల్ తెలియకపోయినా వరుస దొరకాలి.

అయినా పై నంబరును అలాగే వెతికితే ఆ ఫైలులో మళ్లీ ఏమీ రాదు! కారణం, షేరు ముఖ విలువ మారినప్పుడు ఐసిన్ కూడా మారుతుంది. యునైటెడ్ స్పిరిట్స్ 2018 జూన్‌లో 10 రూపాయల షేరును 2 రూపాయల షేర్లు ఐదుగా విడగొట్టింది. అంతకుముందు దాని ఐసిన్ INE854D01016. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి ఏడు అక్షరాలు INE854D మారలేదు, అవి కంపెనీకి చెందినవి. తర్వాతి 01 ఈక్విటీ షేరని చెబుతుంది. దాని తర్వాతి రెండంకెలు వరుస సంఖ్య. అందుకే 01 కాస్తా 02 అయింది. చివరి అంకె ముందున్నవి సరిగ్గా ఉన్నాయో లేదో సరిచూసుకోవడానికి మాత్రమే. ఇది తెలిస్తే వెతుకులాట సులువవుతుంది. మొత్తం ఐసిన్ కాకుండా మొదటి ఏడు అక్షరాలతోనే వెతకాలి. కంప్యూటరు ఆదేశాలు అలవాటున్నవాళ్లకు ఒక్క వరుస చాలు:

```
grep 'INE854D' cm31JAN2018bhav.csv
```

లేనివాళ్లు ఎక్సెల్‌లో ఫైలు తెరిచి ఆ ఏడక్షరాలు వెతికినా అదే వరుస వస్తుంది. దానిలో SERIES గడిలో EQ అని ఉందో లేదో చూసుకోవాలి. ఒకే కంపెనీ బాండ్లు, ఇతర పత్రాలు కూడా వేరే సిరీస్‌లో అదే ఫైలులో ఉండే అవకాశం ఉంది.

ఐసిన్ మారిందని తెలియడం వెతకడానికే కాదు, లెక్కకూ అవసరం. ఆ మార్పే మీకు ఒక హెచ్చరిక. 2018 జనవరి నాటి ధర 10 రూపాయల షేరుది, ఈ రోజు మీరు అమ్ముతున్నది 2 రూపాయల షేరు. సులువుగా ఉండడానికి గుండ్రటి అంకెలతో, ఊహించిన ధరలతో ఒక లెక్క వేద్దాం. మీ నాన్నగారు 2010లో వెయ్యి రూపాయల చొప్పున 100 షేర్లు కొన్నారనుకోండి. విభజన తర్వాత అవి 500 షేర్లు, ఒక్కోదాని ఖర్చు 200. 2018 జనవరి 31 గరిష్ఠ ధర 3,000 అనుకుంటే ఐదో వంతు 600. ఇప్పుడు 1,400కు అమ్మారు. 600, 1,400లో తక్కువది 600. అది 200 కన్నా ఎక్కువ కాబట్టి ఖర్చు 600, లాభం షేరుకు 800, మొత్తం 4 లక్షలు.

పాత ధర దొరకలేదని వదిలేస్తే ఖర్చు 200గానే ఉండి లాభం 6 లక్షలు అవుతుంది. అదనపు 2 లక్షల మీద 12.5 శాతం, అంటే సెస్సు కాకుండా 25 వేలు అనవసరంగా కడతారు. ధర దొరికి, ఐదుతో భాగించడం మరిచిపోతే ఇంకో తప్పు జరుగుతుంది. 3,000, 1,400లో తక్కువది 1,400 కాబట్టి అదే ఖర్చు అవుతుంది, లాభం సున్నా అని వస్తుంది. మొదటిది మీకు నష్టం. రెండోది పన్నుశాఖ నోటీసుకు దారి తీసే తప్పు. లాభం సరిగ్గా సున్నా అని వచ్చిందంటే అనుమానించి మళ్లీ చూడాలి. నిజంగా 2018 కన్నా తక్కువ ధరకు అమ్మినా సున్నా వస్తుంది కాబట్టి చూడకుండా కొట్టేయడమూ కుదరదు.

బ్రోకరు ఇచ్చే పన్ను నివేదికలో ఈ 2018 ధర నింపి ఉంటే, దాన్ని కూడా భావ్‌కాపీతో ఒకసారి పోల్చుకోవడం మంచిది. రిటర్నులోని 112A పట్టికలో ఇలాంటి పాత షేర్లను ఐసిన్ వారీగా చూపించాలి, అంకెల బాధ్యత చివరకు మీదే. ఆ రోజు ఆ షేరు ట్రేడ్ కాకపోయి ఉంటే అంతకుముందు ట్రేడ్ అయిన దగ్గరి రోజు గరిష్ఠ ధర తీసుకోవాలి. అయితే సింబల్ కనబడకపోవడాన్ని ట్రేడ్ కాకపోవడమని పొరబడొద్దు. బీఎస్ఈలో వెతికేవాళ్లకు ఈ ఇబ్బంది తక్కువ. అక్కడ షేరుకు అంకెల కోడ్ ఉంటుంది, పేరు మారినా సాధారణంగా అదే కొనసాగుతుంది. యునైటెడ్ స్పిరిట్స్‌కు అది 532432.

ఏళ్ల తరబడి ధరలన్నీ ఒకచోట పేర్చుకునేవాళ్లకు మరో పని ఉంటుంది. పాత సింబల్ ధరలను, కొత్త సింబల్ ధరలను అతికించాలి. అతుకు సరిగ్గా కుదిరిందో లేదో చెప్పడానికి భావ్‌కాపీలో ముందురోజు ముగింపు ధర గడి ఉంది. కొత్త సింబల్ మొదటి రోజు వరుసలో ఆ గడి, పాత సింబల్ చివరి రోజు ముగింపు ధర ఒకటే కావాలి. ఆ రోజే విభజనో, బోనసో లేకుండా ఈ రెండూ తేడా వస్తే మీరు వేరే కంపెనీని అతికిస్తున్నారన్న మాట. 2024 జులై నుంచి భావ్‌కాపీ రూపం కూడా మారింది. సింబల్ గడి పేరు SYMBOL పోయి TckrSymb అయింది, ISIN మాత్రం అలాగే ఉంది. జతపరచడానికి ఐసినే నమ్మకమైనదని చెప్పడానికి ఇదొక కారణం.

ఇదంతా పేరు మాత్రమే మారిన కంపెనీల సంగతి. విలీనమైతే దారి వేరు. హైదరాబాద్ కంపెనీ సత్యం షేర్లు మన ఇళ్లలో చాలామంది దగ్గర ఉండేవి. SATYAMCOMP 2013లో టెక్ మహీంద్రాలో కలిసింది. ఇది సింబల్ మార్పు కాదు. ప్రతి 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు ఇచ్చారు. 2013కు ముందు TECHM గ్రాఫులో కనిపించేది టెక్ మహీంద్రా చరిత్ర. సత్యం ధరలు అందులో లేవు, ఉండకూడదు కూడా. 170 సత్యం షేర్లు ఉన్నవారికి 20 వచ్చాయి. 2015 మార్చిలో ఒకటికి ఒకటి బోనస్, 10 రూపాయల షేరు 5 రూపాయలుగా విభజన కలిసి ఆ 20 కాస్తా 80 అయ్యాయి. వీళ్లు 2018 జనవరి 31 ఫైలులో చూడాల్సింది TECHM వరుసనే, SATYAMCOMP కోసం వెతికితే దొరకదు. సత్యం కొన్న మొత్తం డబ్బు మాత్రం ఈ షేర్ల ఖర్చుగా వెంట వస్తుంది.

అన్నింటికన్నా చిక్కు టాటా మోటార్స్‌ది. 2025 అక్టోబర్‌లో కంపెనీ రెండుగా విడిపోయింది. పాత కంపెనీ టాటా మోటార్స్ ప్యాసింజర్ వెహికల్స్ అయింది, TATAMOTORS అనే సింబల్ పోయి TMPV వచ్చింది. వాణిజ్య వాహనాల కొత్త కంపెనీ నవంబర్‌లో TMCVగా లిస్టయి, టాటా మోటార్స్ అనే పేరు తను తీసుకుంది. అంటే పాత పేరు కొత్త కంపెనీ దగ్గర ఉంది, పాత ధరల చరిత్ర TMPV వెంట ఉంది. పేరు చూసి వెతికేవాళ్లు ఇక్కడ తప్పకుండా పొరబడతారు. పైగా 2018 నాటి TATAMOTORS ధర రెండు వ్యాపారాలూ కలిసి ఉన్న షేరుది, దాన్ని పూర్తిగా TMPVకే వేసుకోవడం సరికాదు. కొనుగోలు ఖర్చును ఏ నిష్పత్తిలో పంచుకోవాలో కంపెనీ వాటాదారులకు తెలియజేసింది. 2018 ధర విషయంలో ఆడిటర్‌ను అడిగి వేయించుకోవడమే క్షేమం.

ఇంట్లో పాత షేర్లు ఉంటే, అమ్మే రోజు దాకా ఆగకుండా ఒక్కోదానికీ నేటి ఐసిన్, పాత ఐసిన్, పాత సింబల్, అది మారిన తేదీ, విభజన లేదా బోనస్ నిష్పత్తి ఇప్పుడే ఒక కాగితం మీద రాసి, కొన్న కాంట్రాక్ట్ నోటుతో కలిపి పెట్టండి. వారసులకు ఆ షేర్లు చేరినప్పుడు ఆ కాగితం కూడా చేరేలా చూడండి.