రైతు సమస్య అస్పష్టంగా ఉన్నపుడు: ఒక ప్రశ్న అడగాలా, సంభావ్య అర్థాలు చూపాలా?

2004 జనవరిలో కిసాన్ కాల్ సెంటర్లు ప్రారంభమైన నాటి నుండి ఫోను ద్వారా సలహా ఇవ్వడం విస్తరణ సేవలో భాగమైంది. పొలాన్ని చూడకుండా ఇచ్చే సలహాలో రైతు మాటయే ఆధారం. ఆ మాటకు రెండు మూడు అర్థాలున్నపుడు ఒకే ప్రశ్న అడగాలా, సంభావ్య అర్థాలను వరుసగా చెప్పి ఎంచుకోమనాలా అనేది శాస్త్రవేత్త అక్కడికక్కడే నిర్ణయించవలసి ఉంటుంది. విశాఖపట్నం సమీపాన కొండకు, సముద్రానికి నడుమనున్న యారాడ వంటి గ్రామంలోని కొబ్బరి రైతు ఫోను చేశాడనుకొని దీనిని పరిశీలించవచ్చు.

“చెట్టు మానుకు ఆరడుగుల ఎత్తున ఎర్రగా రసం కారుతోందండి” అని రైతు చెప్పాడనుకుందాం. గానోడెర్మా తెగులులో రసం కారడం మాను మొదట్లో ఆరంభమవుతుంది కనుక, ఈ ఎత్తును బట్టి ప్రధానంగా రెండు కారణాలు మిగులుతాయి. ఎర్రముక్కు పురుగు ఆశిస్తే రంధ్రాలు, నమిలిన పీచు కనిపిస్తాయి. రసం కారు తెగులులో బెరడు పగుళ్ళ నుండి రసం కారుతుంది. రెండింటినీ వేరుచేసే లక్షణం ఒక్కటే; రైతు దానిని కంటితో చూడగలడు. ఇచట ఒక ప్రశ్న చాలు: “రసం కారే చోట ఏమి కనిపిస్తోంది?” “రంధ్రాలున్నాయి కదా?” అని అడిగితే మర్యాదకు “అవునండి” అనే సమాధానం వచ్చే అవకాశముంది.

“కొబ్బరి ఆకులు ఎండిపోతున్నాయి” అన్నపుడు పరిస్థితి వేరు. ఏ ఒక్క ప్రశ్నా కారణాలన్నింటినీ విడదీయదు. ఏమి గమనించాలో రైతుకు తెలియకపోవచ్చు. అపుడు లక్షణాలను వరుసగా చెప్పాలి: “మొవ్వాకు వాడి, లాగితే దుర్వాసనతో ఊడివస్తోందా? క్రింది ఆకులు వ్రేలాడి ఎండుతూ, మాను మొదట్లో రసం కారుతోందా? ఆకు అడుగున గూళ్ళు ఏర్పడి, ఆకులు కాలినట్లున్నాయా? లేక ఇవేవీ కావా?” మొదటిది మొవ్వుకుళ్ళు, రెండవది గానోడెర్మా, మూడవది నల్లతల గొంగళి పురుగు. ఆలస్యమైతే చెట్టు చనిపోయే ప్రమాదమున్న మొవ్వుకుళ్ళును ముందుగా చెప్పడం మేలు.

తెగుళ్ళ పేర్లు చెప్పి ఎంచుకోమంటే రైతు తాను విన్న పేరునే ఎంచుకొనే ప్రమాదముంది. ఫోనులో మూడింటికి మించి చెబితే మొదటిది మరచిపోతాడు. “ఇవేవీ కావు” అనే అవకాశం లేకపోతే, సరిపడని దానినే ఒప్పుకోవచ్చు. పొరపాటుకు మూల్యం తక్కువేమీ కాదు. గొంగళి పురుగు నివారణకు బదనికలను విడుదల చేయవలసిన తోటలో రసాయన మందు చల్లితే, ఉన్న మిత్రకీటకాలు కూడా నశిస్తాయి.

ఎంచుకున్న తరువాత రైతు తాను చూసినదానిని సొంత మాటలలో చెప్పలేకపోతే, ఆ ఎంపికను నమ్మరాదు. ఫోటో తెప్పించుకోవాలి లేదా తోటను దర్శించాలి. అర్థం ఏదైనప్పటికీ సలహా మారనపుడు ప్రశ్నగాని, జాబితాగాని అవసరం లేదు.