ముందు చక్రం మీద 96 కిలోలు

ధాన్యం తూచే కాటా ఒకటి అందుబాటులో ఉంటే చాలు, మోటారుసైకిలు ముందు చక్రం ఎప్పుడు గాల్లోకి లేస్తుందో బండి స్టార్టు చేయకుండానే చెప్పవచ్చు. ముందు చక్రాన్ని కాటా మీదికి ఎక్కించి, వెనక చక్రం కింద అంతే ఎత్తున్న చెక్క పెట్టాలి. నడిపే మనిషి మామూలుగా కూర్చుని కాళ్లు ఫుట్‌రెస్టుల మీద పెట్టుకోవాలి. బండి పక్కకు ఒరగకుండా ఒకరు వేలితో ఆనించి పట్టుకుంటే సరిపోతుంది. తరవాత చక్రాలు మార్చి వెనక బరువు కూడా తూచాలి.

200 సీసీ తరగతి బండి ఒకటి 140 కిలోలు, నడిపే కుర్రాడు 60 కిలోలు అనుకుందాం. మొత్తం 200. కాటా మీద ముందు చక్రం 96 చూపించింది, వెనకది 104. రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం 135 సెంటీమీటర్లు. ఈ లెక్కంతా ఆ 96 కిలోల గురించే. బండి ముందుకు దూకే కొద్దీ ఆ బరువు కరుగుతూ వస్తుంది. అది సున్నా అయిన క్షణాన చక్రం నేలను వదులుతుంది.

దుంగకు వేలాడదీసిన బరువును ఇద్దరు భుజాల మీద మోస్తే, బరువు ఎవరికి దగ్గరగా ఉంటే వాళ్ల భుజం ఎక్కువ నొప్పి పెడుతుంది. ఇక్కడా అంతే. 200 కిలోల్లో 96 ముందు పడిందంటే, బండీ మనిషీ కలిసిన ద్రవ్యరాశి కేంద్రం వెనక ఇరుసు నుంచి 135లో 200కు 96వ వంతు ముందుకు ఉందన్నమాట. అంటే సుమారు 65 సెంటీమీటర్లు.

ఆ కేంద్రం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో తెలుసుకోవడానికి ఇంకొంచెం కష్టపడాలి. ముందు చక్రాన్ని 40 సెంటీమీటర్లు పైకెత్తి దిమ్మె మీద నిలబెట్టి, వెనక చక్రాన్ని మళ్లీ తూచాలి. బరువు వెనక్కి ఒరుగుతుంది కాబట్టి 104 కాస్తా 120కి పైన చూపిస్తుంది. కేంద్రం ఎంత ఎత్తులో ఉంటే అంత ఎక్కువ బరువు వెనక్కి వస్తుంది. మన బండికి పదహారున్నర కిలోలు పెరిగాయనుకుంటే, ఎత్తు 66 సెంటీమీటర్లని తేలుతుంది. షాక్ అబ్జార్బర్లు కుంగితే లెక్క తప్పుతుంది. అందుకని వాటిని ముందే తాళ్లతో బిగించి కట్టేయాలి.

65, 66. ఇక ఈ రెండు అంకెలు చాలు.

బండి ముందుకు పోతుందంటే దాన్ని తోసేది నిజానికి రోడ్డు. వెనక టైరు రోడ్డును వెనక్కి నెడితే, రోడ్డు టైరును ముందుకు నెడుతుంది. ఆ తోపు పడేది నేల దగ్గర. కేంద్రం ఉన్నది 66 సెంటీమీటర్ల పైన. కాళ్ల కింది చాపను ముందుకు లాగితే మనిషి వెనక్కి వాలినట్టు, ఈ తోపు బండి ముక్కును పైకి లేపాలని చూస్తుంది. దాన్ని ఆపేదెవరు? వెనక చక్రం కింద నేల పైకి నెట్టే బలం. అది కేంద్రానికి 65 సెంటీమీటర్ల వెనక పైకి నెడుతోంది కాబట్టి తోకను లేపి ముక్కును దించాలని చూస్తుంది. ముందు చక్రం కింద నేల కూడా పైకి నెడుతుంది, కానీ అది కేంద్రానికి ముందు ఉంది కనుక ముక్కును లేపే పక్షమే. గురుత్వాకర్షణ లాగేది సరిగ్గా కేంద్రం దగ్గరే. కేంద్రం చుట్టూ తిప్పే పోటీలో దానికి పాత్ర లేదు.

ఇప్పుడు యాక్సిలరేటర్ తిప్పుతూ పోదాం. తోపు పెరిగే కొద్దీ ముక్కును లేపే తిప్పుడు పెరుగుతుంది. బండి తిరగకుండా ఉండాలంటే వెనక నేల ఇంకా గట్టిగా పైకి నెట్టాలి, ముందు నేల తగ్గించుకోవాలి. మొత్తం మాత్రం ఎప్పుడూ 200 కిలోలే. అలా తగ్గి తగ్గి ముందు చక్రం కింద ఏమీ మిగలని స్థితిలో, 200 కిలోలూ వెనక చక్రం మీదే ఉంటాయి. ఆ 200 కిలోలు 65 సెంటీమీటర్ల చేతితో ముక్కును దించుతుంటే, రోడ్డు తోపు 66 సెంటీమీటర్ల చేతితో లేపుతోంది. రెండూ సరితూగాలంటే తోపు 197 కిలోల బరువంత ఉండాలి. అంతకు మించితే చక్రం లేస్తుంది.

దీన్ని సూత్రంగా రాస్తే ఒక్క వరుస:

a = g × b / h

ఇక్కడ b అంటే వెనక చక్రం నేలను తాకే చోటు నుంచి కేంద్రం ఎంత ముందుందో ఆ దూరం, h కేంద్రం ఎత్తు, g గురుత్వ త్వరణం. మన బండికి a విలువ 9.6 చిల్లర. అంటే వేగం ప్రతి సెకనుకూ గంటకు 35 కిలోమీటర్ల చొప్పున పెరగడం. బరువు సూత్రంలో ఎక్కడా కనిపించదు, రెండు వైపులా కొట్టుకుపోయింది.

నాకు నచ్చిన లెక్క ఇంకోటి ఉంది. త్వరణం 1 పెరిగినప్పుడల్లా ఈ బండి ముందు చక్రం మీద నుంచి 10 కిలోలు వెనక్కి జారుకుంటాయి. మొదట ఉన్నవి 96. పదేసి తీస్తూ పోతే 9.6 దగ్గర ఖాళీ. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేవాణ్ని కాబట్టి ఈ మాట చాలాసార్లు చెప్పాను. సూత్రం మరిచిపోయిన పిల్లలకు కూడా ఇది గుర్తుంటుంది.

వాళ్లు ఎక్కువగా పొరబడే చోటు గురించి కూడా చెప్పాలి. ఒకమ్మాయి నోటుపుస్తకం తెచ్చి, "సార్, నా లెక్కలో బండి ఎప్పటికీ లేవట్లేదు" అంది. చూస్తే అడుగులన్నీ సరిగ్గానే ఉన్నాయి. కాకపోతే కేంద్రం చుట్టూ కాకుండా, వెనక చక్రం నేలను తాకే బిందువు చుట్టూ టార్కు లెక్కగట్టింది. ఆ బిందువు దగ్గర రోడ్డు తోపుకు చేతి పొడవు సున్నా, వెనక నేల బలానికీ సున్నా. మిగిలింది ముక్కును కిందికి దించే బరువొక్కటే. అందుకే ఇంజను ఎంత గుంజినా ఆమె కాగితం మీద చక్రం లేవలేదు.

ఆ బిందువును ఎంచుకోవడం తప్పు కాదు. కానీ అది బండితో పాటు వేగం పెంచుకుంటూ పరిగెడుతున్న బిందువు. బస్సు ఒక్కసారిగా కదిలితే నిలబడ్డవాళ్లు వెనక్కి తూలినట్టు, అక్కడి నుంచి చూస్తే కేంద్రాన్ని ఎవరో వెనక్కి లాగుతున్నట్టు ఒక మిథ్యాబలం కనిపిస్తుంది. దాన్ని కూడా లెక్కలో వేయాలి. అది 66 సెంటీమీటర్ల ఎత్తున వెనక్కి లాగుతుంది, బరువు 65 సెంటీమీటర్ల చేతితో కిందికి లాగుతుంది, మళ్లీ అదే జవాబు వస్తుంది. కేంద్రం చుట్టూ లెక్కిస్తే ఆ మిథ్యాబలానికి చేతి పొడవే ఉండదు కనుక మరిచిపోయినా ప్రమాదం లేదు. అందుకే కేంద్రాన్నే నమ్ముకోమంటాను.

బరువు కొట్టుకుపోయిందంటే మనుషుల్ని ఎలా ఎక్కించుకున్నా ఒకటేనని కాదు. వెనక ఇంకో 60 కిలోల మనిషి కూర్చున్నాడనుకోండి. అతను దాదాపు వెనక ఇరుసు పైనే, మీటరు ఎత్తులో ఉంటాడు. దాంతో ఉమ్మడి కేంద్రం 65 నుంచి 53 సెంటీమీటర్లకు వెనక్కి జరుగుతుంది, 66 నుంచి 74కు పైకి లేస్తుంది. హద్దు 9.6 నుంచి 7కు పడిపోతుంది. వెనక మనిషిని ఎక్కించుకుని ఎత్తు రోడ్డు ఎక్కేటప్పుడు హ్యాండిల్ తేలిపోయినట్టు అనిపించేది ఇందుకే. అక్కడ వేగం పెంచకపోయినా, ఎక్కడానికే కొంత తోపు ఖర్చవుతుంది. ముక్కును లేపే విషయంలో ఆ తోపుకూ వేగం పెంచే తోపుకూ తేడా లేదు.

ఇదంతా టైరు పట్టు నిలిస్తేనే. ఒంటరిగా నడిపేటప్పుడు 200 కిలోల బరువు మీద 197 కిలోల తోపు కావాలంటే ఘర్షణ గుణకం దాదాపు 1 ఉండాలి. పొడి తారు రోడ్డు మీద మంచి మెత్తని టైరు అంత పట్టు ఇస్తుంది. తడి రోడ్డు మీద, ఇసుక మీద ఇవ్వదు. అక్కడ ముందు చక్రం లేచే లోపే వెనక చక్రం జారి గిర్రున తిరుగుతుంది. అసలు చిన్న ఇంజను అంత తోపును నిలకడగా ఇవ్వలేదు కూడా. క్లచ్ ఒక్కసారిగా వదిలినప్పుడు తిరుగుతున్న క్రాంక్‌లో దాగిన శక్తి ఒక్క కుదుపులో చక్రానికి చేరడం వల్లే చిన్న బండ్లు లేస్తాయి.

పెద్ద ఇంజన్ల సంగతి వేరు. వాటికి శక్తి కొరత ఉండదు, హద్దు కొలతలదే. వేగం సెకనుకు 35 కిలోమీటర్లకు మించి పెరగకూడదు కాబట్టి, ఈ కొలతలున్న బండి ఏదైనా ముందు చక్రం లేపకుండా 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 2.9 సెకన్లు పడుతుంది. గాలి అడ్డును పక్కన పెడితే, 100 వేగం దగ్గర కూడా ఆ తోపుకు 72 హార్స్‌పవర్ సరిపోతుంది. ఇంజనులో 200 హార్స్‌పవర్ ఉన్నా, ఆ వేగం దాకా మిగతాది వాడుకునే దారి లేదు. ఇప్పటి సూపర్‌బైకుల్లో ముక్కు లేస్తున్న జాడ సెన్సర్లు పసిగట్టి ఇంజను తోపును తగ్గించే ఏర్పాటు అందుకే పెడుతున్నారు.

రేసుల వాళ్లు నేరుగా సూత్రం మీదే పడతారు. డ్రాగ్ రేసు బండ్లకు వెనక చక్రాన్ని బాగా వెనక్కి జరిపి b పెంచుతారు. మోటోజీపీలో రేసు మొదలయ్యేటప్పుడు బండిని కిందికి కుంగదీసి లాక్ చేసే పరికరం వాడుతూ వచ్చారు, అది h తగ్గించడానికి. మన బండినే 10 సెంటీమీటర్లు కిందికి దించగలిగితే హద్దు 9.6 నుంచి 11.3కు పెరుగుతుంది. అయితే అప్పుడు టైరు అంత పట్టు ఇవ్వాలి.

ఒకసారి చక్రం లేచాక ఏమవుతుందో చూడండి. ముక్కు 20 డిగ్రీలు లేచిందంటే ముందు చక్రం మోకాలి ఎత్తుకు వచ్చిందన్నమాట. అప్పటికి కేంద్రం వెనక్కి జరిగి b 48 సెంటీమీటర్లకు తగ్గింది, పైకి లేచి h 86కు పెరిగింది. హద్దు 5.5కు పడిపోయింది. నేల మీద ఉండగా 9.6 దాకా తట్టుకున్న బండి ఇప్పుడు అందులో సగం చిల్లరకే ఇంకా పైకి లేస్తుంది. అంటే యాక్సిలరేటర్ అలాగే పట్టుకుని ఉంటే లేవడం ఆగదు, అంతకంతకూ జోరందుకుంటుంది. 61 డిగ్రీల దగ్గర కేంద్రం సరిగ్గా వెనక ఇరుసు మీదికి వస్తుంది, హద్దు సున్నా అవుతుంది. అది దాటితే యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసినా బరువే బండిని వెనక్కి పడేస్తుంది.

ఆ సమయంలో చెయ్యి అలవాటుగా ముందు బ్రేకు మీదికి పోతుంది. గాల్లో ఉన్న చక్రానికి వేసిన బ్రేకు రోడ్డును పట్టుకోలేదు. పనికొచ్చేది కుడికాలి కింద ఉన్న వెనక బ్రేకు. అది వేయగానే రోడ్డు తోపు దిశ మారి వెనక్కి లాగుతుంది, అదే 86 సెంటీమీటర్ల చేతితో ముక్కును కిందికి దించుతుంది. ఎత్తు ఎక్కువగా ఉండటం సాయపడేది అక్కడొక్కచోటే.