సిప్‌కి నూటికి ఎంత పడింది?

ఏడాదిలో అరవై వేలు మ్యూచువల్ ఫండ్‌లో వేశారు. ఏడాది తిరిగేసరికి అవి 63,600 అయ్యాయి. లాభం 3,600, అంటే ఆరు శాతం. "ఈ మాత్రానికి బ్యాంకులో ఫిక్స్‌డ్ వేసుకున్నా సరిపోయేది కదా" అని ఇంట్లో ఎవరో ఒకరు అనేస్తారు. అరవై వేలూ మొదటి రోజే వేసి ఉంటే ఆ మాట న్యాయమే. కానీ నెలనెలా కట్టే డబ్బులో చివరి వాయిదా అక్కడ ఉన్నది నెల రోజులు కూడా కాదు. దాన్ని కూడా ఏడాది పొడవునా కష్టపడినట్టు లెక్క వేస్తే ఫండ్‌కు అన్యాయం జరుగుతుంది.

ఆ అన్యాయాన్ని సరిదిద్దేదే ఎక్స్‌ఐఆర్‌ఆర్. ఫండ్ యాప్‌లలో, స్టేట్‌మెంట్లలో కనిపించే ఈ పేరు చూసి చాలామంది ఇదేదో పెద్ద శాస్త్రం అనుకుంటారు. నిజానికి మన ఊళ్లలో ప్రోనోటు రాసుకుని అప్పిచ్చేవాళ్లు తరతరాలుగా వేస్తున్న లెక్కకు ఇది దగ్గరి చుట్టమే. ప్రోనోటు మీద తేదీ ఉంటుంది, ఆ తేదీ నుంచి నూటికి ఇంత అని వడ్డీ నడుస్తుంది. మీరు కట్టిన ప్రతి వాయిదానూ మార్కెట్‌కు విడిగా రాయించుకున్న ఒక నోటు అనుకోండి. నోట్లన్నిటికీ వడ్డీ రేటు ఒకటే, కానీ ఆ రేటు ఎంతో నోటు మీద రాయలేదు. చివరి రోజున అన్నీ కలిపి చేతికి ఎంత వస్తుందో మాత్రం తెలుసు. దాన్ని బట్టి వెనక్కి వెళ్లి ఆ రేటు పట్టుకోవాలి.

ఒక లెక్క పూర్తిగా వేసి చూద్దాం. ఖమ్మంలో ట్యూషన్లు చెప్పే ఒకావిడ ఉన్నారనుకోండి. పిల్లల ఫీజులు ఎప్పుడు చేతికొస్తే అప్పుడే ఫండ్‌లో వేస్తారు కాబట్టి ఆటో డెబిట్ పెట్టుకోలేదు. నెలకు అయిదు వేలు చొప్పున 2025 జనవరి 6న మొదలుపెట్టారు. ఒక నెల నాలుగో తేదీన కడితే ఇంకో నెల ఇరవై రెండున కట్టారు. జూలైలో ఇంటి ఖర్చులు మీదపడి అసలు కట్టలేదు, ఆగస్టులో రెండు నెలలవీ కలిపి పది వేలు వేశారు. 2026 జనవరి 6 నాటికి ఆ యూనిట్ల విలువ 63,600. షీట్‌లో ఇది ఇలా ఉంటుంది:

```
2025-01-06    -5000
2025-02-11    -5000
2025-03-04    -5000
2025-04-22    -5000
2025-05-06    -5000
2025-06-13    -5000
2025-08-05   -10000
2025-09-18    -5000
2025-10-08    -5000
2025-11-25    -5000
2025-12-09    -5000
2026-01-06    63600
```

జేబులోంచి పోయినదానికి మైనస్, జేబులోకి వచ్చేదానికి ప్లస్. ఆవిడ యూనిట్లు అమ్మకపోయినా ఫరవాలేదు, ఆ రోజు అమ్మితే ఎంత వస్తుందో అదే చివరి వరుస.

ముందు కాగితం మీద చేద్దాం. జనవరి వాయిదా 365 రోజులు పనిచేసింది, ఫిబ్రవరిది 329 రోజులు, అలా తగ్గుతూ డిసెంబరుది 28 రోజులు. ఆగస్టు పది వేలను రెండు వాయిదాలుగా చూస్తే మొత్తం పన్నెండు, వాటి రోజులన్నీ కూడితే 2,291. అంటే ఒక్కో వాయిదా సగటున 191 రోజులే మార్కెట్‌లో ఉంది. ఇంకోలా చెప్పాలంటే ఏడాది పొడవునా నిలకడగా పనిచేసిన డబ్బు అరవై వేలు కాదు, సుమారు 31,400. ఆ సొమ్ము మీద 3,600 వచ్చిందంటే ఏడాదికి దాదాపు పదకొండున్నర శాతం. ఊరి భాషలో నూటికి నెలకు తొంభై ఆరు పైసలు, రూపాయి వడ్డీకి కాస్త తక్కువ. ఆరు శాతం అనుకున్నది అక్కడికే దాదాపు రెట్టింపయింది.

ఇది బారువడ్డీ అంచనా. ఎక్స్‌ఐఆర్‌ఆర్ చక్రవడ్డీ పద్ధతిలో వెళుతుంది. ఒక రేటు అనుకుని, ప్రతి వాయిదానూ దాని రోజుల మేరకు పెంచుతుంది. పది శాతం అనుకుందాం. జనవరి అయిదు వేలు 5,500 అవుతుంది. ఆగస్టు పది వేలు 154 రోజుల్లో 10,410 అవుతుంది. డిసెంబరు అయిదు వేలు 28 రోజుల్లో 5,037 మాత్రమే. అన్నీ కూడితే 63,092. కావలసింది 63,600 కాబట్టి రేటు చాలలేదు. పన్నెండు శాతం పెట్టి చూస్తే 63,700, ఇది ఓ వంద ఎక్కువైంది. అసలు జవాబు ఈ రెంటి మధ్య, పన్నెండుకు దగ్గరగా ఉంది. 11.67 దగ్గర తక్కెడ సరిగ్గా తూగుతుంది. దీనికి సూటిగా జవాబిచ్చే సూత్రం లేదు. కంప్యూటరూ ఇలాగే ఒక అంచనాతో మొదలుపెట్టి దిద్దుకుంటూ పోతుంది, కాకపోతే రెప్పపాటులో.

```
=XIRR(B2:B13, A2:A13)
```

తేదీలు ఎటూ నెలకొకటే కదా, రోజుల లెక్క ఎందుకు అనిపించవచ్చు. సరే, ఆవిడ ప్రతి నెలా ఆరో తేదీనే తప్పకుండా కట్టారనుకుని =RATE(12,-5000,0,63600,1) వేస్తే నెలకు 0.893 శాతం వస్తుంది. దాన్ని పన్నెండుతో గుణించి 10.72 అని చెప్పేవాళ్లున్నారు, అది పొరపాటు. చక్రవడ్డీగా మారిస్తే 11.26. అసలైన 11.67కూ దీనికీ తేడా ఎందుకంటే, ఆవిడ చాలా నెలలు ఆలస్యంగా కట్టారు. తక్కువ రోజుల్లోనే అదే లాభం వచ్చింది కాబట్టి రేటు పెరిగింది. ఇక్కడ తేడా అరశాతం లోపే. మధ్యలో బోనస్ వచ్చి ఒకేసారి రెండు లక్షలు వేసినవాళ్లకూ, కొంత వెనక్కి తీసుకున్నవాళ్లకూ సమాన వాయిదాల లెక్క బొత్తిగా పనికిరాదు.

ఇక షీట్‌లో తేడా వచ్చే చోట్లు. అన్నిటికన్నా ఎక్కువగా ముంచేది తేదీ. మనం రోజు ముందు, నెల తర్వాత రాస్తాం. షీట్ సెట్టింగ్ అమెరికా పద్ధతిలో ఉంటే అది నెల ముందు అనుకుంటుంది. 06-01-2025 అని కొడితే జూన్ ఒకటి అవుతుంది. 22-04-2025 అని కొడితే ఇరవై రెండో నెల లేదు కాబట్టి దాన్ని తేదీగానే తీసుకోదు, ఉత్త అక్షరాలుగా వదిలేస్తుంది. అప్పుడు #VALUE! అని వస్తే అదృష్టం, తప్పు కనిపించింది. పన్నెండో తేదీ లోపే కట్టే అలవాటున్నవాళ్లకు ఒక్కోసారి ఏ ఎర్రరూ రాకుండా తప్పు శాతం దర్జాగా కూర్చుంటుంది. గుర్తుపట్టడం తేలికే. మనం ఏమీ సర్దకపోతే నిజమైన తేదీ గడిలో కుడివైపు అంటుకుని ఉంటుంది, అక్షరాలైతే ఎడమవైపు. పైన రాసినట్టు సంవత్సరం ముందు పెట్టి కొడితే ఈ గొడవే ఉండదు. ఎక్సెల్‌లో మొదటి వరుసలోని తేదీ అన్నిటికన్నా ముందుదై ఉండాలి, లేకపోతే #NUM! అంటుంది. మైనస్ గుర్తులు మరిచిపోయినా అదే మాట.

ఏ తేదీ రాయాలన్నది ఇంకో సందేహం. బ్యాంకులో డబ్బు కట్ అయిన రోజు, యూనిట్లు వచ్చిన రోజు ఒకటి కాకపోవచ్చు. 2021 ఫిబ్రవరి నుంచి సెబీ నిబంధన ప్రకారం ఎంత చిన్న మొత్తమైనా ఫండ్ ఖాతాకు డబ్బు చేరాకే ఆ రోజు ఎన్‌ఏవీ ఇస్తారు. మీ జేబు లెక్క కావాలంటే డబ్బు పోయిన తేదీ వేసుకోండి, స్టేట్‌మెంటుతో సరిపోవాలంటే యూనిట్ల తేదీ. ఏదైనా ఒకటే పట్టుకోవాలి. ఈ తేదీలన్నీ క్యామ్స్, హైదరాబాద్‌లోని కేఫిన్‌టెక్ ఇచ్చే ఉమ్మడి స్టేట్‌మెంటులో దొరుకుతాయి. అందులో అయిదు వేలకు బదులు 4,999.75 కనిపిస్తే కంగారు పడకండి, ఆ పావలా స్టాంపు డ్యూటీ. మీరు పెట్టింది మాత్రం అయిదు వేలే కాబట్టి షీట్‌లో అయిదు వేలే రాయాలి.

నష్టంలో ఉన్న పెట్టుబడికి ఎక్సెల్ ఒక్కోసారి 0.00% చూపిస్తుంది. గడిని విప్పి చూస్తే 2.98E-09 లాంటి వింత అంకె ఉంటుంది. లాభం నష్టం లేదని దానర్థం కాదు, వెతుకులాట మధ్యలో చిక్కుకుపోయిందని. మనం ఏమీ చెప్పకపోతే అది పది శాతం అంచనాతో మొదలవుతుంది. నష్టం ఉన్నప్పుడు మొదటి అంచనా మనమే ఇస్తే దారిలో పడుతుంది:

```
=XIRR(B2:B13, A2:A13, -0.1)
```

లెక్క సరిగ్గా ఉన్నా నమ్మకూడని సందర్భం ఒకటుంది. అయిదు వేలు వేసి ఇరవై ఎనిమిది రోజులైంది, విలువ 5,100 అయింది. వంద రూపాయల లాభానికి ఎక్స్‌ఐఆర్‌ఆర్ 29 శాతం పైన చూపిస్తుంది. అదే వంద పోయి 4,900 అయితే మైనస్ 23. నెల రోజుల్లో జరిగినదే ఏడాదంతా పదేపదే జరిగితే అన్న షరతు ఆ అంకె వెనక దాగి ఉంటుంది. మార్కెట్ అలాంటి మాట ఎవరికీ ఇవ్వదు. కొత్తగా సిప్ మొదలుపెట్టినవాళ్లు యాప్‌లో ఈ అంకె చూసి ఎగిరి గంతేయడమో, భయపడి ఆపేయడమో చేస్తుంటారు. ఏడాది నిండేదాకా రూపాయల్లో లాభనష్టం చూసుకోవడమే మేలని నా అభిప్రాయం. నిండాక కూడా ఆ అంకెలో ఎగ్జిట్ లోడ్, పన్ను తీసివేయలేదని గుర్తుంచుకోవాలి. అవి పోగా చేతికొచ్చే మొత్తాన్ని చివరి వరుసలో వేస్తే శాతం తగ్గుతుంది, అదే అసలు శాతం.

మరి 11.67 మంచిదా కాదా? ఫండ్ ప్రకటించే ఏడాది రాబడి పక్కన పెట్టి పోల్చకండి. అది మొదటి రోజు వేసి చివరి రోజు తీసిన రూపాయి కథ. ఆవిడది పదకొండు వేర్వేరు రోజుల కథ. మార్కెట్ ముందు పడి తర్వాత లేచిన ఏడాదిలో ఆలస్యంగా కట్టినవాళ్లకు ఫండ్ రాబడి కన్నా ఎక్కువ రావచ్చు, ముందు లేచి తర్వాత పడితే తక్కువ రావచ్చు. అందులో ఫండ్ మేనేజర్ గొప్పతనమూ లేదు, తప్పూ లేదు.

న్యాయంగా పోల్చాలంటే ఒక నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్ పాత ఎన్‌ఏవీలు తీసుకోండి, అవి యాంఫీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అవే పదకొండు తేదీల్లో అంతే మొత్తం దాంట్లో వేసి ఉంటే ఎన్ని యూనిట్లు వచ్చేవో లెక్కగట్టి, వాటిని 2026 జనవరి 6 నాటి ఎన్‌ఏవీతో గుణించి, 63,600 ఉన్న గడిలో ఆ అంకె పెట్టండి. మిగతా వరుసలేవీ మార్చక్కర్లేదు. వచ్చిన శాతం 11.67 దగ్గరే ఉంటే, ఆవిడ తన ఫండ్‌కు ఏటా ఎక్కువ ఖర్చు చెల్లిస్తూ ఇండెక్స్ రాబడే తెచ్చుకున్నట్టు.