అద్దె కొనుగోలు: వాయిదాలో వడ్డీ ఎంత?

పాలు చల్లబరచే ట్యాంకును అద్దె కొనుగోలు పద్ధతిపై తీసుకున్న సంఘం కట్టే ప్రతి వాయిదాలోనూ అసలు, వడ్డీ కలిసి ఉంటాయి. వాటిని విడదీసే విధానాన్ని ఒక ఉదాహరణతో వివరిస్తున్నాము.

ట్యాంకు నగదు ధర రూ. 4,00,000 అనుకుందాము. సంఘం ఏప్రిల్ 1న రూ. 1,00,000 చెల్లించి, ఆపై మూడేళ్లు మార్చి 31న రూ. 1,20,000 చొప్పున కట్టాలి. మొత్తం రూ. 4,60,000. నగదు ధరకు మించిన రూ. 60,000 వడ్డీ.

దీనిని ఏటా రూ. 20,000 చొప్పున సమానంగా పంచరాదు. మొదటి ఏడు బాకీ ఎక్కువ గనుక వడ్డీ కూడా ఎక్కువే. ఏటి ఆరంభంలో మిగిలి ఉండే వాయిదాలు వరుసగా 3, 2, 1. అదే నిష్పత్తిలో వడ్డీ రూ. 30,000, 20,000, 10,000 అవుతుంది. మొదటి వాయిదాలో అసలు రూ. 90,000 తీరి, రూ. 2,10,000 బాకీ నిలుస్తుంది.

సంఘం పుస్తకాలలో ట్యాంకును రూ. 4,00,000కే ఆస్తిగా చూపి, తరుగుదలను ఆ ధరపైనే కట్టాలి. రూ. 4,60,000 వ్రాస్తే తరుగుదల పెరిగిపోతుంది. చివరి వాయిదా తీరేవరకు యాజమాన్యం అమ్మకందారుదేనని వివరణలో తెలపాలి.

అమ్మకందారు కూడా అమ్మకాన్ని రూ. 4,00,000గానే చూపి, వడ్డీని ఏ ఏటిది ఆ ఏడు ఆదాయంగా తీసుకోవాలి. ఉభయుల బాకీ రూ. 2,10,000గా సరిపోతే లెక్క సరియైనదే.

వడ్డీని సమానంగా పంచితే మొదటి ఏటి మిగులు రూ. 10,000 ఎక్కువగా కనబడుతుంది. దానిని బోనస్‌గా పంచితే, ఆ భారం మూడవ ఏటి పాల ఉత్పత్తిదారులపై పడుతుంది.